డాక్టర్ సలహా: మధ్యలో ఒక సూది తప్పింది, మిగతా తేదీలు ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు 2025 జూన్ 10న శ్రీకాకుళంలో పుట్టాడు. పుట్టినప్పుడు వేసేవి ఆసుపత్రిలోనే వేశారు. నెలన్నర సూదులు జూలై 23న కన్నవారింట్లో ఉండగా వేయించాం. మళ్లీ ఆగస్టు 20న రమ్మన్నారు. ఆ రోజు జలుబు చేసి ఒళ్లు వెచ్చగా ఉందని తీసుకెళ్లలేదు. తర్వాత అత్తవారింటికి రాజాం వచ్చేశాం, ఇక అలాగే ఉండిపోయింది. అక్టోబర్ 10కి నాలుగు నెలలు నిండాయి. మళ్లీ మొదటి నుంచి వేయించాలా? తప్పినవి రెండూ ఒకేసారి వేయరా? కార్డులో తేదీలు ఎలా లెక్కపెట్టుకోవాలి?
– ఒక తల్లి, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: మొదటి నుంచి అక్కర్లేదమ్మా. జూలై 23న పడిన డోసు పడినట్టే. ఎంత ఆలస్యమైనా ఆ డోసు లెక్కలో నుంచి పోదు. ఆగిన చోటి నుంచి ముందుకు వెళ్లడమే. అయితే తప్పిన రెండు డోసులూ ఒకే రోజు వేయకూడదు. రకం వేరైన టీకాలు ఒకే రోజు ఎన్నయినా వేయవచ్చు గానీ, అదే టీకా రెండో డోసుకూ మూడో డోసుకూ మధ్య కనీసం 28 రోజులు గడవాలి. మొదటి డోసుతో ఒంట్లో మొదలైన రక్షణను తర్వాతి డోసు పెంచాలంటే ఆ మాత్రం వ్యవధి కావాలి. తొందరపడి ముందే వేయిస్తే ఆ డోసు లెక్కలోకి రాదు, బిడ్డకు సూది నొప్పి మాత్రం మిగులుతుంది.

తేదీల దగ్గర తల్లులే కాదు, చదువుకున్న నాన్నలూ తికమక పడతారు. కార్డులో రెండు రకాల లెక్కలు పక్కపక్కనే ఉండడం వల్ల అలా అవుతుంది. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలల సూదులని మనం అనేవి నిజానికి 6, 10, 14 వారాలు. వాటిలో మొదటిది పుట్టిన తేదీ నుంచి లెక్క. తర్వాతి రెండూ, అంతకుముందు డోసు నిజంగా ఏ రోజు పడిందో ఆ రోజు నుంచి లెక్క. అందుకే ఒకటి జరిగితే దాని వెనకది కూడా జరుగుతుంది. తొమ్మిది నెలల టీకాలు, పదహారు నెలల టీకాలు మాత్రం మళ్లీ పుట్టిన తేదీనే పట్టుకుంటాయి. ముందువి ఆలస్యమయ్యాయని వాటిని వెనక్కి జరపకూడదు. మీలాంటి సందర్భంలో చాలామంది చేసే పొరపాటు ఇదే. రెండు నెలలు వెనకబడ్డాం కదా అని తొమ్మిది నెలలకు వేసే తట్టు సూదిని కూడా పదకొండో నెలకు తోసేస్తారు. తట్టు ఆ రెండు నెలలు ఆగదు.

ఇప్పుడు మీ బాబు లెక్క చూద్దాం. మన జిల్లాల్లో టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు కాబట్టి, వచ్చిన తేదీకి ముందున్న బుధవారం కాకుండా తర్వాత వచ్చే బుధవారమో శనివారమో పట్టుకోవాలి. జూన్ 10కి 42 రోజులు కలిపితే జూలై 22, మంగళవారం. మర్నాడు బుధవారం 23న వేశారు, సరిగ్గా ఉంది. దానికి 28 కలిపి ఆగస్టు 20 రాశారు. అది తప్పింది. ఇప్పుడు వెళ్లాల్సింది అక్టోబర్ 15, బుధవారం. ఆ రోజుకి మొదటి డోసు పడి 84 రోజులు, అంటే పన్నెండు వారాలు. అక్టోబర్ 15కి 28 కలిపితే నవంబర్ 12, అదీ బుధవారమే. తొమ్మిది నెలలు నిండేది 2026 మార్చి 10, మంగళవారం. కాబట్టి మార్చి 11. పదహారు నెలలు నిండేది 2026 అక్టోబర్ 10, అది శనివారమే.

| ఎప్పుడు | ఏమేమి | తేదీ |
|---|---|---|
| పుట్టగానే | బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి | వేశారు |
| 6 వారాలు | పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటా చుక్కలు, పోలియో సూది, న్యుమోనియాకి వేసే పీసీవీ: అన్నీ మొదటివి | జూలై 23, 2025న వేశారు |
| రెండో విడత | పెంటా, పోలియో చుక్కలు, రోటా: రెండోవి. వీటితో పాటు పీసీవీ రెండోది, పోలియో సూది రెండోది | అక్టోబర్ 15, 2025 |
| మూడో విడత | పెంటా, పోలియో చుక్కలు, రోటా: మూడోవి | నవంబర్ 12, 2025 |
| 9 నెలలు నిండాక | తట్టుకి వేసే ఎంఆర్ మొదటిది, పోలియో సూది మూడోది, పీసీవీ బూస్టర్, విటమిన్-ఎ | మార్చి 11, 2026 |
| 16 నెలలు నిండాక | ఎంఆర్ రెండోది, డీపీటీ బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్, విటమిన్-ఎ | అక్టోబర్ 10, 2026 |

పీసీవీ, పోలియో సూది రెండో డోసులు మామూలుగా 14 వారాలప్పుడు, అంటే పెంటా మూడో డోసుతో వేస్తారు. మీ పట్టికలో రెండో విడతకే పెట్టడానికి కారణం ఉంది. ఈ రెండింటికీ మొదటి డోసు తర్వాత 8 వారాల వ్యవధి చాలు, మీకు 15కి పన్నెండు వారాలవుతుంది. అక్కడి ఏఎన్ఎం వాటిని నవంబర్ 12నే వేస్తానంటే కంగారుపడకండి. అలా వేసినా మార్చిలో వేసే బూస్టర్‌కి కావలసినంత వ్యవధి ఉంటుంది. ఏ రోజు ఏది పడిందో ఆ గడిలో ఆ తేదీ పడిందా లేదా అన్నది మాత్రం అక్కడే నిలబడి చూసుకోండి. మెదడువాపు టీకా కొన్ని జిల్లాల్లోనే వేస్తారు. మీ దగ్గర వేస్తుంటే అది కూడా 9, 16 నెలలప్పుడే ఇస్తారు.

అక్టోబర్ 15 కుదరక 18న శనివారం వెళ్తే, తర్వాతిది నవంబర్ 15 అవుతుంది. అంతే, లెక్క దానితో పాటే జరుగుతుంది. కానీ 15న వేయించి, ‘నవంబర్‌లో ఊరు వెళ్లాలి, 8న శనివారం వేసేయండి’ అని అడగకండి. అప్పటికి 24 రోజులే అవుతాయి. నాలుగు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు గానీ, నాలుగు రోజులు ముందు పనికిరాదు.

వీలైతే 15కే వెళ్లమని గట్టిగా చెబుతున్నాను. పెంటాలో ఉన్న అయిదు రక్షణల్లో ఒకటి కోరింత దగ్గుకి. ఆరు నెలల లోపు బిడ్డకు ఆ దగ్గు వస్తే దగ్గి దగ్గి ఊపిరి ఆగిపోతుంది, నీలం తిరిగిపోతారు. ఒక్క డోసు దాన్ని పూర్తిగా అడ్డుకోలేదు. మీ బాబు పన్నెండు వారాలుగా ఆ ఒక్క డోసు మీదే ఉన్నాడు.

15న మూడు సూదులు, రెండు రకాల చుక్కలు పడతాయి. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఒక్క రోజే మూడా’ అంటారు. పెంటా ఎడమ తొడకు, పీసీవీ కుడి తొడకు, పోలియో సూది కుడి భుజం పైన. ఈ మూడోదాన్ని దగ్గరగా చూడండి. అది కండలోకి కాదు, చర్మం పొరల్లోకి, 0.1 మిల్లీలీటరు మాత్రమే ఇస్తారు. సరిగ్గా పడితే సూది తీసేసరికి కందిగింజంత బుడిపె, పైన నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో తేలుతుంది. కాసేపట్లో దానంతటదే తగ్గుతుంది. రుద్దొద్దు, నొక్కొద్దు. ఎడమ భుజం మీద ఉన్నది పుట్టినప్పటి బీసీజీ మచ్చ, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ మచ్చ కనబడకపోయినా బీసీజీ మళ్లీ వేయించనక్కర్లేదు.

ఆగస్టులో మీరు ఆగిపోయిన కారణం గురించి ఒక మాట. జలుబు, కొద్దిపాటి జ్వరం, రెండు మూడు నీళ్ల విరేచనాలు ఉంటే టీకా ఆపనక్కర్లేదు. బిడ్డ పాలు తాగుతూ ఆడుకుంటుంటే తీసుకెళ్లండి. వేయాలో వద్దో ఏఎన్ఎం చూసి చెబుతారు. పాలు మానేసి మగతగా పడి ఉంటేనో, జ్వరం బాగా ఎక్కువగా ఉంటేనో వాయిదా వేయాలి. గతంలో అదే టీకాకి ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోవడం, లేక సూది వేసిన వారంలో స్పృహ తప్పడం లాంటివి జరిగి ఉంటే, అప్పుడు మాత్రం డాక్టరు చూడకుండా తర్వాతి డోసు వేయించకూడదు.

పెంటా వేసిన రాత్రి జ్వరం రావడం మామూలే. పారాసిటమాల్ మోతాదు కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు. మీ బాబు ఆరు కిలోలుంటే 90 మిల్లీగ్రాములు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. డ్రాప్స్ సీసాలో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములుంటే 0.9 మిల్లీలీటరు చాలు. సిరప్ సీసాలో అయిదు మిల్లీలీటర్లకి 125 ఉంటే 3.6 మిల్లీలీటర్లు పోయాలి. సిరప్ కొలతతో డ్రాప్స్ పోస్తే మందు నాలుగింతలు పడిపోతుంది. సీసా మీద అంకె చదివాకే పోయండి, ఆరు గంటలకొకసారి మించొద్దు, రోజుకి నాలుగు సార్లు దాటొద్దు. తొడ గట్టిపడితే చల్లటి తడిగుడ్డ వేయండి. వేడి కాపడం, నూనె మర్దన వద్దు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి. మూడు గంటలు దాటి ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు వేలాడేసినా, విరేచనంలో ఎర్రటి జిగురు కనబడి వాంతులవుతున్నా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఊరు మారిన సంగతి. మీ కార్డుకి ఉన్న రెండో ముక్కను శ్రీకాకుళంలో ఏఎన్ఎం దగ్గరే ఉంచుకుని ఉంటారు. ఎవరు రావాలో, ఎవరు రాలేదో ఆమె దాన్ని చూసే ఆశ కార్యకర్తను పంపుతారు. రాజాంలో ఏఎన్ఎం దగ్గర ఆ ముక్క లేదు, అందుకే మీ ఇంటికి ఎవరూ పిలవడానికి రాలేదు. మంగళవారమే ఆశను కలిసి బాబు పేరు ఇక్కడి జాబితాలో రాయించండి. శ్రీకాకుళంలో టీకాలు నమోదు చేసే యూ-విన్‌లో ఏ ఫోన్ నంబరు ఇచ్చారో అదే నంబరు చెబితే పాత డోసులు ఇక్కడ తెరమీద కనబడతాయి. అక్కడ మీ అమ్మగారి నంబరు ఇచ్చి ఉంటే ముందు రోజే ఆవిడకి ఫోన్ చేసి ఉంచండి, దానికి ఓటీపీ రావచ్చు.

కార్డులో రావలసిన తేదీని పెన్సిల్‌తో, వేసిన తేదీని పెన్నుతో రాయమని అడగండి. రెండూ పెన్నుతోనే ఉంటే, రావలసిన తేదీని చూసి వేసేశారనుకుని ఒక డోసు దాటిపోయే ప్రమాదం ఉంది. మీ కార్డులో ‘ఆగస్టు 20’ ఇప్పుడు ఏ గడిలో ఉందో ఒకసారి చూడండి. పెంటా రెండో గడిలో పెన్నుతో ఉంటే, 15న సూది వేసే ముందే ఏఎన్ఎంకి చూపించి కొట్టేయించండి.

– పిల్లల వైద్య నిపుణులు, శ్రీకాకుళం