హన్మకొండ ఇంట్లో పాత టీవీ కేబుల్ మీద నెట్ నడుస్తుందా?

ప్రశ్న: మాది హన్మకొండలో జీ ప్లస్ వన్ ఇల్లు. రూటర్ కింద హాల్లో ఉంది, పైగదిలో వైఫై నిలవట్లేదు. గోడలోని పైపుల్లోంచి కొత్త లాన్ వైర్ పోవట్లేదు, గోడ పగలగొట్టడానికి నాన్న ఒప్పుకోవట్లేదు. రెండు చోట్లా పాత టీవీ కేబుల్ పాయింట్లు ఉన్నాయి. వాటి మీద నెట్ నడిపే అడాప్టర్లు ఉంటాయంట, ఎవరైనా వాడారా? టీవీ కూడా నడవాలి.

జవాబు:

వాడుతున్నాను, కాజీపేటలో మా ఇంట్లో. బాగానే నడుస్తుంది. కానీ కొనే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: ఆ వైరు కేబుల్ ఆపరేటర్ దగ్గర్నుంచి వస్తోందా, మిద్దె మీది డిష్ నుంచి వస్తోందా?

మీరు చెప్పేవాటిని మోకా అడాప్టర్లు అంటారు. ఒకటి రూటర్ దగ్గర, ఇంకొకటి పైగదిలో పెడతాం. ఒక్కోదానికి ఒక పక్క లాన్ వైరు, ఇంకో పక్క టీవీ కేబుల్ తగులుతుంది. ఇవి మామూలుగా 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన దగ్గర కేబుల్ టీవీ చానళ్లు దాదాపు 860 లోపే ఉంటాయి కాబట్టి ఒకే వైరు మీద రెండూ గొడవ లేకుండా పోతాయి. డిష్ సంగతి వేరు. దాని సిగ్నల్ వైరులో 950 నుంచి 2150 దాకా ఉంటుంది, అంటే సరిగ్గా మోకా మీదే పడుతుంది. పైగా సెట్‌టాప్ బాక్స్ అదే వైరు మీద డిష్‌కు 13 లేదా 18 వోల్టుల కరెంటు పంపుతుంది. అందుకని నడుస్తున్న డిష్ వైరు మీద ఈ మామూలు అడాప్టర్లు పెట్టకండి. డిష్ వాడటం మానేసి వైరు ఊరికే పడి ఉంటే మాత్రం అంతకంటే మంచిది లేదు. రెండు కొసలూ విప్పి, చెరో అడాప్టర్ తగిలిస్తే చాలు.

మీది కేబుల్ టీవీ అనుకుని చెబుతాను. అడాప్టర్ పాడై పని ఆగడం అరుదు. తిప్పలన్నీ గోడలో మనకు కనపడనివాటితోనే. మా ఇంట్లో ఆపరేటర్ లైను మిద్దె మీంచి దిగి మెట్ల దగ్గరి డబ్బాలోకి వస్తుంది. అక్కడ ఒక స్ప్లిటర్, దాంట్లోంచి ఒక వైరు కింద హాల్‌కు, ఒకటి పైగదికి. అడాప్టర్లు పెట్టగానే, టీవీ కేబుల్ మీద రెండూ కలిశాయని చూపే కోక్స్ లైటు వెలిగింది, నెట్ వచ్చింది. కానీ స్పీడు ముప్పై, నలభై ఎంబీపీఎస్ దగ్గరే ఆగింది. వీడియో కాల్ మధ్యలో లైటు ఆరిపోయి మళ్లీ వెలిగేది.

డబ్బా తెరిచి చూస్తే స్ప్లిటర్ మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని ఉంది. టీవీకి అది చాలు. కానీ మోకా పనిచేసేదే వెయ్యి దాటాక. ఇంకో చిక్కు ఏంటంటే, మన రెండు అడాప్టర్లూ స్ప్లిటర్ అవుట్‌పుట్ల మీదే ఉన్నాయి. ఒక టీవీ సిగ్నల్ ఇంకో టీవీలోకి పోకుండా అవుట్‌పుట్ల మధ్య అడ్డు ఉండేలాగే స్ప్లిటర్‌ను చేస్తారు. మనకేమో సిగ్నల్ ఆ అడ్డు దాటి ఒక అవుట్‌పుట్ నుంచి ఇంకోదానికి పోవాలి. మోకా కోసం చేసిన స్ప్లిటర్ల మీద 5–1675 అని ఉంటుంది, వాటిలో ఆ పై ఫ్రీక్వెన్సీల దగ్గర ఈ అడ్డు తక్కువ. అది మార్చాక అదే వైరు మీద రెండు లాప్‌టాప్‌ల మధ్య 900 ఎంబీపీఎస్ దాటింది. అడాప్టర్లు మోకా 2.5 రకం, వాటి సామర్థ్యం 2500 దాకా ఉంటుంది. లాప్‌టాప్‌లో ఉన్నది గిగాబిట్ పోర్టు కాబట్టి కొలత అక్కడ ఆగింది.

పైగదిలో టీవీ లేకపోతే, కింది టీవీ కూడా ఎవరూ చూడకపోతే, స్ప్లిటరే తీసేసి రెండు వైర్లనూ ఎఫ్ టైప్ జాయింటర్‌తో కలిపేయండి. అంతకు మించిన పద్ధతి లేదు. మీకు టీవీ కావాలన్నారు కాబట్టి స్ప్లిటర్ తప్పదు. హాల్లో అడాప్టర్‌కూ సెట్‌టాప్ బాక్స్‌కూ ఒకే పాయింట్ అయితే, టీవీ అవుట్ ఉన్న అడాప్టర్ చూసి తీసుకోండి.

స్ప్లిటర్ ఇన్‌పుట్ దగ్గర, అంటే ఆపరేటర్ లైను ఇంట్లోకి దిగేచోట, పీఓఈ ఫిల్టర్ అనే చిన్న ఇత్తడి ముక్క బిగించాలి. అది టీవీ సిగ్నల్‌ను లోపలికి రానిస్తుంది, మోకా సిగ్నల్‌ను బయటికి పోనివ్వదు. మన గల్లీల్లో ఒకే లైను నాలుగిళ్లకు చీలుతుంది. ఫిల్టర్ లేకుండా వదిలితే, పక్కింట్లోనూ ఇలాంటి అడాప్టరే పెట్టినప్పుడు రెండిళ్ల నెట్‌వర్క్ కలిసిపోయే అవకాశం ఉంది. బయటికి పోయేదాన్ని తిప్పి లోపలికే పంపడం వల్ల ఇంట్లో సిగ్నల్ కూడా కాస్త మెరుగవుతుంది. అడాప్టర్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే అదీ పెట్టండి.

పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా రెండు అడాప్టర్లనూ ఒకే బల్ల మీద పెట్టి, చిన్న కేబుల్ ముక్కతో కలిపి చూడండి. అక్కడ లైటు వెలిగితే సామాను మంచిదే, ఇక తప్పు ఎక్కడున్నా గోడలోనే. గోడలో ఏముందో తెలియకపోతే మల్టీమీటర్ చాలు. ముందు ఆపరేటర్ లైను, బాక్సులు అన్నీ విప్పేయండి. పైగది కొసకు 75 ఓమ్‌ల టెర్మినేటర్ అనే చిన్న మూత బిగించి, కింది కొసలో మధ్య తీగకూ పైజాలీకీ మధ్య కొలవండి. 75 కంటే కాస్త పైన చూపిస్తే వైరు తెగలేదు, షార్టూ కాలేదన్నట్టే. సున్నా దగ్గర చూపించినా, అసలేమీ చూపించకపోయినా, మధ్యలో స్ప్లిటర్ గానీ, షార్టో తెగిన జాయింటో గానీ ఉంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది మెలితిప్పి టేప్ చుట్టిన జాయింటు. దానితో టీవీ బొమ్మ బాగానే వస్తుంది, మోకా మాత్రం తడబడుతుంది. అది కోసేసి రెండు పక్కలా ఎఫ్ కనెక్టర్లు వేయించండి. మన కేబుల్ అన్నకు అది పది నిమిషాల పని.

దారిలో యాంప్లిఫయర్ ఉంటే మోకా సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. మోకా బైపాస్ ఉన్నది పెట్టాలి, లేదా అది తీసేసినా టీవీ వస్తుందేమో చూడాలి.

అంతా అయ్యాక వెబ్‌సైట్ స్పీడ్ టెస్ట్‌ను నమ్ముకోవద్దు, అది మీ ఇంటర్నెట్ ప్లాన్‌ను కొలుస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ iperf3 అనే స్పీడు కొలిచే ప్రోగ్రామ్ వేసుకుని, కింద లాన్ వైరుతో ఉన్న కంప్యూటర్‌లో మొదటి లైను, పైగదిలోని దాంట్లో మిగతా రెండూ నడపండి. ఐపీ అడ్రస్ మాత్రం కింది కంప్యూటర్‌ది వేయాలి.

```
iperf3 -s
iperf3 -c 192.168.1.20 -t 60
iperf3 -c 192.168.1.20 -t 60 -R
```

చివరి లైను వ్యతిరేక దిశలో కొలుస్తుంది. ఒక దిశ బాగుండి ఇంకోటి బాగా పడిపోతే నేనైతే ముందు కనెక్టర్లు విప్పి చూస్తాను. మోకా వల్ల మూడు, నాలుగు మిల్లీసెకన్ల ఆలస్యం కలుస్తుంది, కాల్స్‌లో అది తెలియదు.

ధర గురించి: వరంగల్ షాపుల్లో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో జత పది వేలకు పైనే పడింది. బయటి దేశం సరుకు కాబట్టి పవర్ అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి, పిన్ మార్చే ప్లగ్ కూడా కావాలి. ఆర్డర్ పెట్టకముందే మీ స్ప్లిటర్ డబ్బా తెరిచి, దాని మీద రాసున్నది, ఎన్ని వైర్లు వస్తున్నాయన్నది ఇక్కడ పెట్టండి. ఏం మార్చాలో చూసి చెప్తాను.