లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజు: తగ్గింపు తీసుకోవాలా, ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. విజయవాడలో ఒక చిన్న కోచింగ్ సెంటర్‌లో లాంగ్ టర్మ్ చేర్పిద్దామనుకుంటున్నాం. కోర్సు పది నెలలు, ఫీజు 1,20,000, జీఎస్టీ అదనం. ఒకేసారి కడితే ఫీజులో 10 శాతం తగ్గిస్తామంటున్నారు, లేదంటే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. హాస్టల్ నెలకు 10,500 విడిగా. గత ఏడాది 42 సీట్లు వచ్చాయని వాళ్ల పేజీలో ఉంది. ఎంక్వైరీ ఫారం నింపినప్పటి నుంచి ఆదివారం లోపు చేరమని రోజూ ఫోన్లు. నా జీతం 45,000, ఎఫ్‌డీ లక్షన్నర ఉంది. ఏది మేలు? ఈ ఫీజుకు 80సీ వస్తుందా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: 80సీ రాదండీ. పిల్లలు స్కూల్లోనో కాలేజీలోనో ఫుల్ టైమ్ చదివితే కట్టే ట్యూషన్ ఫీజుకే అది, ప్రైవేటు కోచింగ్‌కు కాదు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు.

ఇక ఫీజు. జీఎస్టీ 18 శాతం కలిపితే మొత్తం 1,41,600. ఒకేసారి కడితే 1,08,000 మీద జీఎస్టీతో 1,27,440. తేడా 14,160. ఈఎంఐ అయితే నెలకు 11,800 చొప్పున 12 నెలలు, మొత్తం 1,41,600. పైకి వడ్డీ లేనట్టే కనిపిస్తుంది. కానీ ఈరోజు 1,27,440కి దొరికే సీటుకు మీరు 1,41,600 కడుతున్నారు కదా, ఆ తేడాయే వడ్డీ. లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 20 శాతం పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా పైకే. బంగారం మీద బ్యాంకులో అప్పు తెచ్చినా సాధారణంగా ఇంతకంటే తక్కువకే వస్తుంది.

వడ్డీ కన్నా పెద్ద చిక్కు ఒకటుంది. ఈఎంఐ అంటే మీరు సెంటర్‌కు నెలనెలా కట్టడం కాదు. ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున అప్పిచ్చి, డబ్బు సెంటర్‌కు ముందే పంపేస్తుంది. అమ్మాయి మధ్యలో మానేసినా, సెంటరే మూతపడినా అప్పు మీదే. ఒక్క కిస్తీ తప్పినా సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. 2025 జనవరిలో ఢిల్లీ, నోయిడాల్లో ఒక పేరున్న కోచింగ్ సంస్థ సెంటర్లు ఉన్నట్టుండి మూతపడితే, ముందే ఫీజు కట్టిన తల్లిదండ్రులు పోలీసుల చుట్టూ తిరిగారు. కాబట్టి ఈఎంఐ వద్దు.

ఒకేసారి కట్టే ముందు మీరు చూడాల్సింది తగ్గింపు కాదు, అమ్మాయి మధ్యలో బయటికి వచ్చే అవకాశం ఎంత అని. లాంగ్ టర్మ్‌లో అది తక్కువేం కాదు. బ్యాచ్ జూన్, జూలైల్లో మొదలవుతుంది. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ రౌండ్లు ఆ తర్వాత నెలల తరబడి సాగుతాయి. బీడీఎస్‌లోనో, ఆయుర్వేదంలోనో, ఈఏపీసెట్ ద్వారా అగ్రికల్చర్ బీఎస్సీలోనో సీటు వస్తే, సగం మనసుతో చదువుతున్న పిల్లలు అటు వెళ్లిపోతారు. హాస్టల్ పడకో, ఆరోగ్యం బాగోలేకో తిరిగొచ్చేవాళ్లు మరికొందరు.

అందుకే వాళ్ల పేజీలో లేని మూడో దారి అడగండి: మూడు సమాన వాయిదాలు, నేరుగా సెంటర్‌కే, అప్పు లేకుండా. చేరేటప్పుడు 47,200, మూడు నెలలు పూర్తయ్యాక 47,200, ఏడో నెలలో మిగతాది. చిన్న సెంటర్లు పేజీలో రాయకపోయినా, గట్టిగా అడిగితే చాలావరకు ఒప్పుకుంటాయి, సీటు ఖాళీగా ఉండటం వాళ్లకూ నష్టమే కదా.

అమ్మాయి మూడు నెలలకే మానేసిందనుకోండి. రీఫండ్ అసలు రాకపోతే, ఒకేసారి కట్టిన దారిలో 1,27,440 పోతుంది. వాయిదాల్లో పోయేది 47,200. అంటే 14,160 మిగుల్చుకోవడానికి 80,240 పణంగా పెడుతున్నారు. మొదటి మూడు నెలల్లో మానేసే అవకాశం వందకు 15 దాటిందనిపిస్తే వాయిదాలే లాభం. కౌన్సెలింగ్‌కు దరఖాస్తు పెట్టి ఉంటే ఆ అవకాశం అంతకంటే ఎక్కువేనని నా అంచనా. దరఖాస్తు పెట్టలేదు, అమ్మాయికి ఎంబీబీఎస్ తప్ప మరో ఆలోచనే లేదు, పైగా రీఫండ్ నిబంధన రాతపూర్వకంగా చేతికొచ్చింది అంటే తగ్గింపు తీసుకోవడంలో తప్పు లేదు.

ఆ నిబంధన సంగతి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో తిరిగివ్వాలి. హాస్టల్, మెస్ డబ్బుకూ అదే పద్ధతి. ఈ లెక్కన మూడు నెలలకు మానేస్తే 1,27,440లో పదింట ఏడు వంతులు, అంటే 89,208 వెనక్కి రావాలి. కానీ అవి అమలు కోసం రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు. సెంటర్ రసీదు వెనక 'కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు' అని అచ్చేసి ఉంటే మీరు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, ఆపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి పోరాడాల్సి వస్తుంది. ఆ బాధ లేకుండా చేరకముందే, 'పది నెలల కోర్సులో ఎన్ని నెలలకు మానేస్తే ఎంత తిరిగిస్తారు' అని మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో అడిగి, జవాబు అక్కడే రాయించుకోండి. 'ఆఫీసుకు రండి, మాట్లాడుకుందాం' అంటే, నా దృష్టిలో ఇవ్వరని అర్థం.

42 సీట్ల గురించి. ఎంతమందిలో 42? అరవై మందిలోనా, నాలుగు వందల మందిలోనా? అవన్నీ ఎంబీబీఎస్ సీట్లేనా, బీడీఎస్, ఆయుష్ కలిపారా? ఎంబీబీఎస్‌లో కూడా కన్వీనర్ కోటా ఎన్ని, మేనేజ్‌మెంట్ కోటా ఎన్ని? వాళ్లలో ఏడాదంతా లాంగ్ టర్మ్ చదివినవాళ్లెందరు, చివర్లో టెస్ట్ సిరీస్ మాత్రమే రాసినవాళ్లెందరు? 2024 నవంబరులో వచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, యాభై మందికి పైగా విద్యార్థులున్న సెంటర్ ఫొటో వేసి చెప్పుకునే ప్రతి ర్యాంకు పక్కనా ఆ విద్యార్థి తీసుకున్న కోర్సు, దాని కాలం, డబ్బు కట్టి చేరాడా ఉచితమా అన్నది చూపించాలి. పేజీలో అవి లేకపోతే అడగడం మీ హక్కు.

ఇంకొకటి కూడా అడగండి: మీ అమ్మాయి లాంటి ర్యాంకుతో నిరుడు చేరినవాళ్లు చివరికి ఏ ర్యాంకుకు వచ్చారు? మార్కులు చెబితే వద్దనండి. 2024 పేపరు తేలిక, 2025 పేపరు కష్టం, అదే మార్కుకు ర్యాంకు ఎక్కడెక్కడికో మారిపోయింది. చేరకముందే సీటు అంచున ఉన్నవాళ్లను పైకి లాగడం వేరు, మీ అమ్మాయి స్థాయి నుంచి తీసుకెళ్లడం వేరు.

ఫోన్ల సంగతికొస్తే, ఆదివారం గడువు ఎక్కువగా ఒత్తిడి కోసమే పెడతారు. తర్వాతి ఆదివారానికి మరో గడువు వస్తుంది చూడండి. 'సీట్ బ్లాక్ చేస్తాం, పాన్ నంబరు, ఆధార్ ఓటీపీ చెప్పండి' అంటే మాత్రం చెప్పొద్దు. ఎంక్వైరీకి అవి అక్కర్లేదు, లోన్ దరఖాస్తుకే కావాలి.

ఎఫ్‌డీ మొత్తం ఒక్కసారే కదిలించకండి. మొదటి వాయిదాకు 47,200 తీసి, మిగతాదాన్ని బ్యాంకు ఒప్పుకుంటే రెండు చిన్న ఎఫ్‌డీలుగా, రెండు వాయిదాల తేదీలకు సరిపోయేలా పెట్టండి. ఫీజంతా పోగా ఎఫ్‌డీలో మిగిలేది ఎనిమిది వేల చిల్లరే, కాబట్టి హాస్టల్ 10,500 జీతంలోంచే కట్టాలి. అది ఒక సంవత్సరం కాస్త బిగువుగానే ఉంటుంది. బిల్లు లేకుండా క్యాష్ ఇస్తే జీఎస్టీ తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రీఫండ్ అడగడానికి ఆధారమే ఉండదు. జీఎస్టీ వసూలు చేస్తుంటే రసీదు మీద వాళ్ల జీఎస్టీ నంబరు ఉండాలి. gst.gov.in లో Search Taxpayer దగ్గర ఆ నంబరు కొట్టి, సెంటర్ పేరు, రిజిస్ట్రేషన్ యాక్టివ్‌లో ఉందో లేదో చూసుకున్నాకే మొదటి వాయిదా పంపండి.