తాళంచెవి ఒక్కటి చాలు: పాట తీయబోతున్న అల్లునికి

అల్లుడా,

నువ్వు వీడియో తీస్తనని పంపిన పాట మూడుసార్లు విన్న. రెండోసారి మీ అత్తమ్మ సుత వంటింట్లకెళ్లి వచ్చి కూసున్నది. "తాళమేసిన ఇల్లు తలుపు తీయమంటున్నదే" అన్న కాడ ఆమె చెయ్యి ఆగింది, అది నేను చూసిన. అంటే పాటకు పని లేదు, ఉన్న పనంతా బొమ్మకే. నీ దగ్గర ముప్పై వేలున్నయి, రెండు రోజులున్నయి. డ్రోన్ కావాలె, పన్నెండు మంది డ్యాన్సర్లు కావాలె, మా పానగల్లు గుళ్లె రెండు షాట్లు కావాలె అని రాసినవు. మూడూ కొట్టేసిన. గుడి పురావస్తు శాఖ కింద ఉన్నది, కెమెరా పెట్టాలంటే అనుమతి తెచ్చుకోవాలె, అది వచ్చేసరికి నీ రెండు రోజులు దాటిపోతయి. డ్యాన్సర్లకు అన్నం పెట్టి, బట్టలిచ్చి, బండ్లు పెడితే సగం పైసలు ఆడ్నే అయిపోతయి. అయినా అన్న బొంబాయి పోయిన పాటల పన్నెండు మంది నవ్వుకుంట ఎగురుడేంది?

నీ పాటల ఒక వస్తువున్నది, దాన్నే పట్టుకో. అన్నా వదినా ఇంటికి తాళమేసి దేవరకద్ర రోడ్డు మీద బస్సెక్కి బొంబాయికి బిల్డింగు పనికి పోతరు. తాళంచెవి చెల్లె చేతిల పెట్టి పోతరు. చెల్లె రోజు పొద్దుమీకి వచ్చి తలుపు తీస్తది, ఊడుస్తది, దీపం పెడ్తది, మళ్ల తాళమేస్తది. కథ ఇంతే. బొంబాయి చూపియ్యకు. అన్నా వదినల మొఖాలు సుత చూపియ్యకు, చేతులు, వీపులు చాలు. అప్పుడు నీ పాట పాడిన పిల్లే ఒక్క నటి అయితది. కావాల్సిన జాగలు ఒక ఇల్లు, ఒక పొలం ఒడ్డు, ఒక రోడ్డు. మూడూ మీ ఊర్లనే ఉన్నయి.

ఇయ్యాలనే ఒక పని చెయ్యి. ఒకే రకం ఇనుప తాళాలు రెండు కొను. ఒకటి అట్లనే దాచు. రెండోదాన్ని ఉప్పునీళ్లల్ల ముంచి తీసి, తడి బట్టల సుట్టి పెట్టు, రోజుకొకసారి మళ్ల ముంచు. వారం తిరిగేసరికి తుప్పు పడ్తది. ఇత్తడిది కొనకు, అది నల్లబడుతది గని తుప్పెక్కదు. ఈ రెండు తాళాలే నీ పాటల ఆరు నెలల కాలాన్ని చూపిస్తయి.

ఇగ కాగితం పని. పాట మొత్తం 3 నిమిషాల 36 సెకన్లు, అంటే 216 సెకన్లు. ఒక్కో షాటు తెర మీద సగటున 4 సెకన్లు ఉంటదనుకుంటే 54 ముక్కలు కావాలె. 54 సార్లు కెమెరా జరపాలె అని కాదు. ఒక్క చోట ట్రైపాడ్ పెట్టి మొత్తం పల్లవి పాడిస్తే అండ్లకెళ్లి నాలుగైదు ముక్కలొస్తయి. నా లెక్కల 22 చోట్ల కెమెరా పెడితే సరిపోతది. ఒక్కో చోట సర్దుకొని తీసేసరికి తక్కువల తక్కువ అర్ధగంట, రోజుకు పదకొండు. పొద్దుగాల ఆరున్నరకెళ్లి తొమ్మిదిన్నర దాకా బయట, ఎండ నెత్తికెక్కినంక ఇంట్ల, మూడున్నరకు మళ్ల బయట. కార్తీకంల ఐదున్నర దాటితే వెలుగుండదు, సాయంత్రం మీద మస్తు ఆశలు పెట్టుకోకు.

మొదటి 16 సెకన్ల పిల్లనగ్రోవి బిట్టుకు మూడే షాట్లు. ఒకటి, నల్లటి దర్వాజ, కొత్త తాళం, మగ చెయ్యి తాళంచెవి తిప్పుతది. ఇది 7 సెకన్లు ఉంచు, కోయకు. రెండు, గాజుల చెయ్యి ఆ చెవిని పిల్ల అరచేతిల పెట్టి వేళ్లు ముడుస్తది. మూడు, పిల్ల వెనకకెళ్లి, ఆమె భుజం మీదుగా, సంచులు నెత్తి మీద పెట్టుకొని ఇద్దరు రోడ్డు దిక్కు పోతుంటరు.

16వ సెకనుకు పల్లవి మొదలు. పిల్ల అరుగు మీద కూసొని పాడాలె. దూరంకెళ్లి ఒకటి, నడుం దాకా ఒకటి, మొఖం ఒకటి, మూడు సైజులల్ల మొత్తం పల్లవి తియ్యి. 46వ సెకనుకు వచ్చే బిట్టు 16 సెకన్లు, అది బస్సు. బస్సు కిరాయికి తేవాల్నా అని అడిగినవు. వద్దు. మామూలుగ వచ్చే పల్లెవెలుగు బస్సు రోడ్డు మీద పోతుంటే దూరంకెళ్లి ఒక్కసారి తియ్యి. మిగతాది మొఖం మీద చూపియ్యి. పిల్లను రోడ్డు పక్కన నిలబెట్టి, ఆమెకూ సూర్యునికీ నడుమ ఇద్దరు ఒక పెద్ద అట్ట పట్టుకొని జోరుగ నడిస్తే మొఖం మీదికెళ్లి నీడ దాటిపోతది. ఇంకొకడు ఫ్రేము బయటికెళ్లి గుప్పెడు దుమ్ము ఎగరేయాలె. హారన్ చప్పుడు ఎడిటింగుల కలుపు. ఎన్నిసార్లు తప్పినా మళ్ల తీసుకోవచ్చు, నిజం బస్సు అయితే ఆగదు. ఈ బస్సు బిట్టుల ఆఖరి షాటు పిల్ల తాళంచెవిని చున్నీ కొసకు ముడేసుకునుడు.

మొదటి చరణం 1:02కెళ్లి 1:40 దాకా. ఇది ఇంట్ల, నడిపొద్దుకు. నాకు అన్నిట్లకెళ్లి ఇష్టమైనది ఇదే. మీ అమ్మమ్మ పాతింటి కప్పుల పెంకుల నడుమ ఒక అద్దం బిళ్ల ఉన్నది కదా, దాన్ల నుంచి పగటిపూట ఎండ కట్టెలెక్క కిందికి దిగుతది. ఉత్తగ తీస్తే నేల మీద తెల్ల మచ్చ తప్ప ఏం కనపడది. తలుపులు మూసి సాంబ్రాణి పొగ పెట్టు, రెండు నిమిషాలు ఆగు, పొగ పలుచబడనియ్యి. అప్పుడు ఎండ ధార గాలిల నిలబడ్డట్టు కనపడుతది. పిల్ల ఆ ధార అవతల ఊడ్వాలె, కెమెరా వెలుగుకు ఎదురుగ ఉండాలె, వెనక గోడ చీకటిగ ఉండాలె. వెలుగు కొలత ఆ ధార మీద పెట్టి లాక్ చెయ్యి. లేకపోతే పిల్ల అటు జరిగినప్పుడల్ల కెమెరా తనంతట తాను గది మొత్తాన్ని తెల్లగ చేస్తది. మొఖం నల్లబడితే కిందికెళ్లి తెల్ల థర్మాకోల్ షీటు పట్టు, లైటు అవసరం లేదు. ఆ అద్దం మీదికి ఎండ ఏ టైముకు వస్తదో ముందు రోజే చూసి రాసుకో. ఎక్కువసేపు నిలబడదు, జరిగిపోతది.

1:40కు పల్లవి మళ్ల వస్తది, గడప మీద నిలబడి పాడనియ్యి. 1:58కు డప్పు బిట్టు, 18 సెకన్లు. ఇక్కడ పొలం ఒడ్డు మీద పిల్ల నడుస్తది, ముడేసిన చున్నీ కొస ఊగుతది, ఆ ముడి మీదనే కెమెరా. రెండో చరణం 2:16కెళ్లి. ఇందుల తాళం ఒక్కటే మూడుసార్లు రావాలె, కొత్తది, దుమ్ము పట్టింది, తుప్పు పట్టింది. మూడింటికీ ట్రైపాడ్ ఇంచు కదలొద్దు, దాని కాళ్ల చుట్టూ చాక్‌పీస్‌తో గీత గియ్యి. మూడూ ఒక్క గంటల అయితయి, చూసేటోళ్లకు ఆరు నెలలు గడిచినట్టుంటది.

ఆఖరి పల్లవి 2:56కు. పొద్దు గుంకేటప్పుడు, ఇంటి ముందట, గాలికి చున్నీ నెమ్మదిగ తేలాలె, పెదాలు మాత్రం పాటతోటి కలవాలె. దీనికి ఒక చిన్న ఉపాయమున్నది. నీ ఎడిటింగు సెకనుకు 25 ఫ్రేములల్ల ఉంటే, ఈ షాటు 50ల తియ్యి, బాక్సుల పాటను రెండింతల వేగంతోటి పెట్టు. పిల్ల ఆ వేగానికే పాడాలె. ఎడిటింగుల సగానికి తగ్గిస్తే పెదాలు సరిగ్గ కూసుంటయి, మిగతా లోకం నెమ్మదిగ కదులుతది. పిల్లను వారం ముందునుంచే ఆ వేగంతోటి పాడుడు అలవాటు చేయించు, తొందర్ల మాటలు మింగుతది. చివరి 10 సెకన్లు తలుపు మీద తుప్పు తాళం తెరిచి గొళ్లేనికి వేలాడుతుంటది, పిల్ల పక్కన అరుగు మీద కూసొని రోడ్డు దిక్కు చూస్తుంటది. ఎవరూ రారు. వచ్చినట్టు చూపిద్దామని నీకు అనిపిస్తది, నాకు తెలుసు. చూపియ్యకు.

పెదాల కలయిక గురించి ఒక్కటి చెప్పాలె, నేను దెబ్బతిన్న విషయమిది. ఒకసారి చెరువు కట్ట మీద పాడేటాయన నాకు నలభై మీటర్ల దూరంల ఉన్నడు, బాక్సు నా కాళ్ల కాడ ఉన్నది. చప్పుడు సెకనుకు 340 మీటర్లే పోతది. అంటే నలభై మీటర్లకు సెకనుల ఎనిమిదో వంతు, మూడు ఫ్రేములు. ఆయన మూడు ఫ్రేములు ఆలస్యంగ వింటున్నడు, ఆలస్యంగ పాడుతున్నడు. రాత్రంత ఎడిటింగుల కూసొని పాట మిక్సింగు చేసినోన్ని తిట్టిన, పాపం ఆయన తప్పేం లేకుండె. బాక్సు ఎప్పుడూ పాడేటోళ్ల పక్కన దాచు. దూరపు షాటుకు కెమెరాల రికార్డయిన చప్పుడు నమ్మకు, అది సుత ఆలస్యంగనే వచ్చి ఉంటది. పాటకు ముందు నాలుగు టిక్కులు కలిపి ఫైలు చేసుకో, నాలుగో టిక్కుకు పిల్ల కెమెరాకు కనపడేటట్టు చప్పట్లు కొట్టాలె. ఎడిటింగుల చేతులు కలిసిన ఫ్రేమును ఆ టిక్కు కింద పెట్టు.

ఫోన్‌తోటి తీసే షాట్లకు ఇంకో చిక్కున్నది. మొదటి లైనుకు పెదాలు కలిసి, చరణం చివరికి వచ్చేసరికి జారిపోతే అది దూరం తప్పు కాదు, ఫోన్ ఫ్రేముల వేగాన్ని తనంతట తాను మారుస్తున్నది. దూరం తప్పయితే మొదటినుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటది. వేగాన్ని ఒక్క కాడ నిలిపే కెమెరా యాప్ పెట్టుకో, Blackmagic Camera ఉచితంగనే దొరుకుతది. ఇంట్ల ట్యూబ్‌లైటు వెలుగుతుంటే షటర్ 1/50 మీద పెట్టు, లేకపోతే బొమ్మ మీద నల్ల చారలు పాకుతయి.

పైసలు ఇట్ల పంచిన. కెమెరా, కెమెరామెన్ రెండు రోజులకు 12,000. ఎడిటింగు, రంగులు దిద్దుడు 6,000. ఎనిమిది మందికి రెండు రోజుల తిండి 4,000, అన్నం కాడ మాత్రం పిసినారితనం చెయ్యకు. బండ్లు, డీజిల్ 3,000. బట్టలు, తాళాలు 1,500. థర్మాకోల్, నల్లబట్ట, సాంబ్రాణి 500. మిగిలిన 3,000 ఎవ్వరికీ చెప్పకు. అది వాన కోసం, పంక్చర్ కోసం.

సాయంత్రం కార్డు ఖాళీ చేసే ముందు రెండు వేరే వేరే డిస్కులల్ల కాపీ పెట్టి, రెండింట్ల నడిమి షాటు ఒకటి తెరిచి చూడు. ఒక పెండ్లి తలంబ్రాలు నేను ఒక్క కాపీతోటి పోగొట్టుకున్న, ఆ పెండ్లికొడుకు ఇప్పటికీ నల్లగొండ గడియారం కాడ నన్ను చూస్తే రోడ్డు దాటి అటు పోతడు.

శుక్రవారం నాటికి ఈ షాట్లన్నీ నీ చేతిరాతతోటి సెకన్లు వేసి నాకు ఫొటో పంపు. శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్త. పాతింటి అద్దం బిళ్ల మీద మట్టి పేరుకుపోయి ఉంటది, నేను వచ్చేలోపు ఎవరినన్న ఎక్కించి తుడిపియ్యి.

మీ మామ