రిఫ్లెక్టివ్ జర్నళ్లు దిద్దబోతున్న యువ అధ్యాపకురాలికి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. బి.ఎడ్. ఛాత్రోపాధ్యాయుల ఇంటర్న్‌షిప్ జర్నళ్లు మొదటిసారి దిద్దబోతున్నానని, చక్కని భాష చూడగానే చేయి దానంతట అదే ఎక్కువ మార్కులు వేస్తుందేమోనని రాశావు. ఆ అనుమానం సరైనదే. మనసులో ఎంత నిశ్చయించుకున్నా అది పోదు. దిద్దే పద్ధతిని మార్చుకుంటేనే కొంత అదుపులోకి వస్తుంది.

ఆరో తరగతిలో భిన్నాలు బోధించిన ఇద్దరు రాయదగిన రెండు పుటలను ఊహించుకో. మొదటిది ఇలా ఉంటుంది: "నేటి బోధన విద్యార్థుల మనోఫలకాలపై చెరగని ముద్ర వేసింది. బోధనాభ్యసన సామగ్రి ప్రాధాన్యం నాకు అవగతమైంది. ఇకపై మరింత సన్నద్ధతతో తరగతికి వెళ్తాను." రెండోది ఇలా: "1/3 పెద్దగనా 1/4 పెద్దగనా అని అడిగితె చానమంది 1/4 అన్నరు. బోర్డు మీద నేను గీసిన రొట్టెలు రెండు ఒక్క సైజు లేవు. అందుకే అట్ల అన్నరో, 3 కంటె 4 పెద్దది గదా అని అన్నరో తెల్వలే. రేపు ఒక్క కొలత కాగితాలు ఇచ్చి మడిపిచ్చి చూస్త."

పదికి మార్కులు వేసేటప్పుడు నేను ఏం జరిగిందో చెప్పినందుకు 2, కారణం వెతికినందుకు 3, ఇంకో కారణం కూడా ఉండవచ్చునని తూచి చూసినందుకు 2, తర్వాత ఏం మార్చారో చెప్పినందుకు 3 కేటాయిస్తాను. మొదటి పుటలో ఏ పిల్లవాడు ఏమన్నాడో లేదు, కారణం లేదు; సన్నద్ధత మాటకు ఒకటి, సామగ్రి వాడిన సంగతి తెలిసినందుకు ఒకటి, మొత్తం 2. అందులోని వాక్యాలు ఏ పాఠానికైనా, ఏ రోజుకైనా అతుకుతాయి కాబట్టి, ఆ పుట నిజంగా ఆ రోజుదేనా అని అడిగి చూడు, దాని లోతు తెలిసిపోతుంది. రెండో పుటకు సంఘటనకు 2, రెండు కారణాలను పక్కపక్కన పెట్టినందుకు 2, కారణాన్వేషణకు 2; ఎందుకలా అన్నారో పిల్లలనే అడగలేదు కనుక అక్కడ ఒకటి తగ్గింది. చివరి గడిలో ప్రస్తుతానికి 2 వేసి, కాగితాలు మడిపించాక ఏం తేలిందో మరుసటి పుటలో కనిపిస్తే మూడోది కలుపుతాను. మొత్తం 8. "చానమంది", "తెల్వలే" అన్న మాటలకు ఒక్క మార్కూ పోలేదు.

ఈ లోతును అంచెలుగా చూపినవారిలో హాటన్, స్మిత్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులున్నారు. 1995లో వారు ఛాత్రోపాధ్యాయుల రాతల్లో నాలుగు స్థాయులను గుర్తించారు: ఉత్త వర్ణన, కారణంతో కూడిన వర్ణన, తనతో తాను వాదించుకోవడం, విషయాన్ని తరగతి దాటి సామాజిక పరిస్థితుల్లో పెట్టి చూడటం. నాలుగో స్థాయిని ప్రతి పుటలోనూ ఆశించకు. బలవంతం చేస్తే పేదరికం మీద, సమాజం మీద నినాదాలు వస్తాయే కాని ఆలోచన రాదు. భిన్నాల పాఠానికి మూడో స్థాయి చాలు.

దిద్దే క్రమం గురించి ఒక మాట. ఒక్కొక్కరి జర్నల్ మొత్తం వరుసగా చదివితే మొదటి పుట మీద ఏర్పడిన అభిప్రాయం చివరిదాకా వెంటాడుతుంది. అందువల్ల పేర్లు కనబడకుండా చేసి, ముందు అందరి మొదటి వారం పుటలు, తర్వాత అందరి రెండో వారం పుటలు చదువు. ఎర్ర కలం పక్కన పెట్టి, కారణం చెప్పిన చోట మార్జిన్‌లో "కా" అని, మార్పు చెప్పిన చోట "మా" అని పెన్సిల్‌తో గుర్తు పెట్టు. మార్కులు ఆ గుర్తులను చూసి వెయ్యి. అలసట వల్ల ప్రమాణం జారుతుంది కాబట్టి ఆఖరున మొదటి నాలుగైదు జర్నళ్లను, వేసిన మార్కులు చూడకుండా, మళ్లీ దిద్ది పోల్చు. తేడా రెండు మార్కులకు మించితే మధ్యలోవి కూడా మళ్లీ చూడవలసిందే, అది ఎంత విసుగైనా సరే.

భాష బొత్తిగా అర్థం కాక ఆలోచన ఉందో లేదో తేలని పుటలు కొన్ని వస్తాయి. ఊహించి మార్కులు వేయకు, కోసేయకు కూడా, ఆ విద్యార్థిని పిలిచి "కాగితాలు మడిపించాక పిల్లలేమన్నారు?" అని అడిగి, నోటితో చెప్పిన దానిని అదే గడుల్లో తూచు. మీ కళాశాల పత్రంలో భాషకు, శుభ్రతకు వేరే గడి ఉంటే దాన్ని అన్నిటికంటే చివర నింపు.

కన్నీళ్లు, ఇంటి కష్టాలు రాసిన పుటలు మనసును కరిగిస్తాయి. బాధ ఎంత చెప్పుకున్నారన్న దానికి మార్కులు లేవని మొదటి రోజే ప్రకటించు. లేకపోతే మార్కుల కోసం బాధలు కల్పించే వారు కొందరు, నిజమైన బాధను బయటపెట్టలేక నష్టపోయే వారు కొందరు తయారవుతారు. అక్షర దోషాలు దిద్దాలనిపిస్తే వేరే చీటీ మీద రాసి, మార్కులు ఇచ్చేసిన తర్వాతే చేతికివ్వు.

ఇట్లు,
నీ పాత అధ్యాపకుడు