వాచీలో 118, ఆస్పత్రి మిషన్‌లో 76: ఫిర్యాదు లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: నల్లగొండలో కొన్న వాచీ గుండె వేగం 118 అంటోంది, ఆస్పత్రి ఈసీజీ 76 అంది. షాపాయనకు లెటర్ ఎట్ల రాయాలె?

రెండు రీడింగులూ ఒకే నిమిషంలో, కదలకుండా కూర్చుని తీసినవని టైంతో సహా రాయండి, అప్పుడే లెటర్‌కు బలం.

ఈసీజీ గుండెలోని విద్యుత్తును పట్టుకుంటుంది. వాచీ మణికట్టు మీద పచ్చ వెలుగు వేసి, రక్తం పొంగినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగులో తేడాను లెక్కిస్తుంది. పట్టీ వదులై చెయ్యి ఊగితే ఆ ఊపునే నాడి అనుకుంటుంది. క్లాక్ టవర్ నుంచి నిమిషానికి 118 అడుగులు వేస్తూ నడిచొస్తే 118 చూపడం అందుకే. అది ఫిర్యాదుకు పనికిరాదు.

పట్టీ మణికట్టు ఎముకకు కాస్త పైన బిగించి, ఐదు నిమిషాలు కూర్చుని, ఈసీజీ తీస్తుండగా వాచీ ఫొటో తీయించండి. ఇలా మూడుసార్లు 40 తేడా వస్తే, ఈసీజీ కాగితం, బిల్లు నకళ్లు జతచేసి, "వాచీ మార్చండి లేదా డబ్బు వాపసు ఇవ్వండి" అని గడువు తేదీతో రాయండి. గుండె లయ తప్పినవాళ్లకు మాత్రం వాచీ బాగున్నా లెక్క తప్పొచ్చు, ముందు డాక్టర్‌ను అడగండి.

డబ్బా మీద "వైద్య పరికరం కాదు" అని ఉంటే ఇక అడగలేమని చాలామంది వదిలేస్తారు. ఆ మాట జబ్బు నిర్ధారణ గురించి. కూర్చున్న మనిషి నాడిని కూడా సరిగా లెక్కపెట్టకపోతే అది వస్తువు లోపమే. షాపు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.