సింకులో నీళ్లు మెల్లగా దిగుతుంటే

చిరంజీవి అమ్మణ్ణికి చిన్నాయన ఆశీస్సులు.

మొన్న ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ నీ సింకు సంగతే ఆలోచిస్తున్నాను. అంట్లు కడుగుతుంటే నీళ్లు జానెడు లోతు నిలబడుతున్నాయని, దిగడానికి పది నిమిషాలు పడుతోందని చెప్పావు. అంగట్లో డ్రైన్ పౌడర్ తెచ్చి పోయమంటావా అని అడిగావు. పోయొద్దు తల్లీ. ఇన్నేండ్లు కడపలో పైపుల పనే చేశాను కాబట్టి ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చెయ్యాలో వివరంగా రాస్తున్నాను.

నిన్నటిదాకా బాగా పోయి ఈరోజు పొద్దున ఆగిపోతే లోపల ఏదో వస్తువు పడిందని అర్థం. స్పూనో, పీచు ముక్కో, నిమ్మ తొక్కో అయివుంటుంది. నీది అట్లా కాదు. రెండు నెలలుగా రోజురోజుకూ మెల్లబడింది అన్నావు. అది జిడ్డు పని. పైపు లోపలి గోడకు కొంచెం కొంచెంగా పేరుకుంటూ దారి సన్నబడుతుంది.

మన అనంతపురం, కడప పక్క బోరు నీళ్లున్న ఇళ్లలో ఈ జిడ్డు మామూలు జిడ్డుగా ఉండదు. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. కుక్కర్ అడుగున తెల్లటి పొర కడుతుంది చూడు, అదే. నూనె, నెయ్యి, మాంసం కొవ్వు ఆ సున్నంతో కలిసి నీళ్లలో కరగని ఒక రకం సబ్బుగా మారతాయి. చూడ్డానికి తడి సున్నంలా తెల్లగా, చేత్తో నలిపితే పొడిపొడిగా ఉంటుంది. సంగటి గిన్నె కడిగిన పిండి, అన్నం మెతుకులు దానికి అతుక్కుంటాయి. చెనక్కాయ నూనె గడ్డకట్టదు కదా, పైపు ఎట్లా మూసుకుంటుంది అని చాలామంది అడుగుతారు. ఇట్లా మూసుకుంటుంది.

ఎర్రముక్కపల్లిలో ఒక ఇంట్లో ఇదే జరిగింది. మూడు రోజులు వరసగా మరిగే నీళ్లు పోశారు, అయినా కదల్లేదు. నేను వెళ్లి సింకు కింద వేస్ట్ పైపు ఊడదీసి, దాని కొన బకెట్‌లో పెట్టి, పైన ఒక చెంబు నీళ్లు పోశాను. ధారగా దిగి బకెట్‌లో పడ్డాయి. అంటే సింకూ, ఆ పైపూ బాగానే ఉన్నాయి, అడ్డు గోడలోకి వెళ్లే పైపులో ఉంది. స్ప్రింగు వైరు తోస్తే ఆరడుగుల దగ్గర, వంపులో తగిలింది. తిప్పుతూ లాగితే పిడికెడు తెల్ల మడ్డి వచ్చింది. అట్లా నాలుగైదు సార్లు తీశాక నీళ్లు గలగలా పోయాయి. పాతబడిన ఈ మడ్డిని నీళ్లు కరిగించలేవు, గీకి తియ్యాల్సిందే. వేడినీళ్లు కొత్తగా పట్టిన మెత్తటి జిడ్డుకే పనికొస్తాయి.

అందుకని నువ్వు సులువైన దాంతో మొదలుపెట్టి వరసగా రా. ముందు సింకులో నిలిచిన నీళ్లు చెంబుతో తోడెయ్. జాలీ తీసి మెతుకులూ పీచూ ఏరెయ్. సగం మరిగిన నీళ్లు, సగం కుళాయి నీళ్లు కలిపి అర బకెట్ చేసుకో. అందులో అంట్లు తోమే లిక్విడ్ రెండు మూడు స్పూన్లు వేసి మెల్లగా పొయ్యి. పది పదిహేను నిమిషాలు ఆగి ఇంకోసారి పొయ్యి. మరిగే నీళ్లు మాత్రం నేరుగా పోయొద్దు. పీవీసీ పైపు అంత వేడికి మెత్తబడి, అతుకుల దగ్గర వంగిపోతుంది. గంజి వార్చడానికి సింకునే వాడి, పైపు సాగిపోయి కిందంతా కారిన ఇళ్లు చూశాను.

దాంతో కదలకపోతే రబ్బరు పంపు వాడు. రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లు సింకులో ఉండాలి. పైన పొంగు నీటి రంధ్రం ఉంటే తడిగుడ్డతో గట్టిగా మూసెయ్. లేకపోతే గాలి అక్కడి నుంచి పోయి నీ బలమంతా వృథా అవుతుంది. పదిహేను ఇరవై సార్లు కొట్టు. కిందికి నొక్కడం ఎంత ముఖ్యమో, పైకి గట్టిగా లాగడమూ అంతే ముఖ్యం. అడ్డు అటూ ఇటూ కదిలితేనే వదులవుతుంది.

అప్పటికీ పోకపోతే నేను ఎర్రముక్కపల్లిలో చేసిన బకెట్ పరీక్షే నువ్వూ చెయ్యి. కింద బకెట్ పెట్టి, వేస్ట్ పైపు నట్టు చేత్తో తిప్పి ఊడదియ్. లోపలి రబ్బరు వాషర్ ఏ దిక్కున కూర్చుందో ముందే ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకో. మీ ఇంట్లో మడతలు మడతలుగా వంగే పైపే ఉంటుందని అనుకుంటున్నా. ప్రతి మడతలో జిడ్డు కూర్చుంటుంది, అందుకే అది నాకు ఇష్టం లేదు. ఒక తాడుకు గుడ్డముడి కట్టి, సబ్బునీళ్లలో తడిపి, పైపు ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు లాగు. మరీ గట్టిపడి ఉంటే కష్టపడొద్దు, కొత్తది వేసుకో. మధ్యలో కిందికి జారి నీళ్లు నిలవకుండా చూసి వెయ్యి. ఆ పైపు బాగానే ఉంటే అడ్డు గోడలో ఉన్నట్టు. హార్డ్‌వేర్ అంగట్లో స్ప్రింగు వైరు అడుగు. వంపు దగ్గర తగిలితే బలంగా తోయకు, తిప్పుతూ ముందుకు పోనివ్వు, లాగి తుడిచి మళ్లీ పంపు. చివర్లో అర బకెట్ వేడి సబ్బునీళ్లు పొయ్యి.

వంటసోడా, వెనిగర్ సంగతి అందరూ చెబుతారు. నురగ చూసి ఏదో జరుగుతోందని అనుకుంటాం. రెండూ కలిస్తే గాలి బయటికి పోతుంది, మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. వాసన తగ్గొచ్చేమో గానీ గట్టిపడిన జిడ్డు ఊడదు.

ఇక ఆ పౌడర్. అందులో ఉండేది ఎక్కువగా కాస్టిక్ సోడా. నీళ్లు తగలగానే భగ్గున వేడెక్కుతుంది, పైపు మెత్తబడుతుంది. కొవ్వును సబ్బుగా మారుస్తుంది నిజమే, కానీ ఆ సబ్బు పూర్తిగా కొట్టుకుపోకపోతే ఇంకాస్త లోపల గట్టిపడుతుంది. అడ్డు తొలగక ఆ నీళ్లు సింకులోనే నిలిచాయంటే, తర్వాత పంపు కొట్టేవాళ్ల కళ్లలో పడే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో ఇప్పటికే ఎవరైనా పోసి ఉంటే పంపూ వాడకు, పైపూ ఊడదియ్యకు. ప్లంబర్‌ను పిలిచి ముందుగా ఆ మాట చెప్పు.

బాత్రూంలోనూ నీళ్లు నిలుస్తున్నా, పై అంతస్తు వాళ్లు నీళ్లు వదిలినప్పుడు మీ సింకులోకి ఎగదన్నుకొచ్చినా అది నీ చేతిలో పని కాదు. మెయిన్ లైన్‌లోనో బయట చాంబర్‌లోనో అడ్డుంది. ఓనర్‌కు చెప్పి మూత తీయించు.

బాగయ్యాక మళ్లీ పేరుకోకుండా, మూకుడూ కూర గిన్నెలూ కడిగే ముందు పాత పేపర్‌తో జిడ్డు తుడిచెయ్. బజ్జీలు వేసిన నూనె సీసాలో పోసి చెత్తబండికి ఇవ్వు. సంగటి గిన్నె నానబెట్టి, అడుగుది గీకి చెత్తలో వెయ్యి. వారానికోసారి అర బకెట్ వేడి సబ్బునీళ్లు చాలు.

అన్నీ బిగించాక సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదులు. కింద పొడి పేపర్ పరిచి రాత్రంతా ఉంచు. పొద్దునకు తడి మచ్చ కనిపిస్తే వాషర్ సరిగా కూర్చోలేదని అర్థం. ఊడదీసి ఫొటోలో ఉన్నట్టు పెట్టి మళ్లీ బిగించు. అప్పటికీ కారితే నాకు వీడియో కాల్ చెయ్యి.

మీ చిన్నాయన
కడప