ఉద్గమ్‌లో కనిపించని డిపాజిట్ ఎక్కడ ఉంటుంది?

ప్రశ్న: మా నాన్నగారు 2022లో కాలం చేశారు. బీరువాలో ఆయన ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ దొరికింది. 2014 జూలైలో లక్ష రూపాయలు ఎఫ్‌డీకి మళ్లినట్టు ఉంది, చివరి ఎంట్రీ ఆ సెప్టెంబరుది. బాండు కాగితం లేదు. ఉద్గమ్‌లో వెతికితే ఏమీ రాలేదు. ఇక వదులుకోవలసిందేనా?

జవాబు: వదులుకోనక్కరలేదు. ఉద్గమ్ పోర్టల్ (udgam.rbi.org.in) చూపేది రిజర్వు బ్యాంకు నిధికి బదిలీ అయిన మొత్తాలను మాత్రమే. పొదుపు ఖాతాలో ఖాతాదారు లావాదేవీ పదేళ్లు లేనప్పుడు, ఎఫ్‌డీ అయితే గడువు తీరాక పదేళ్లు ఎవరూ అడగనప్పుడు సొమ్ము ఆ నిధికి వెళుతుంది. మీ నాన్నగారి ఎఫ్‌డీ ఐదేళ్లది అనుకుంటే 2019 జూలైలో గడువు తీరింది కనుక, 2029 జూలై దాకా అది బ్యాంకు పుస్తకాల్లోనే ఉంటుంది, పోర్టల్‌కు ఎక్కదు. పొదుపు ఖాతా సంగతి వేరు. పాస్‌బుక్‌లో చివరి ఎంట్రీ అంటే ఆయన చివరిసారి ప్రింటు వేయించిన రోజు మాత్రమే. ఆ తరువాత ఏటీఎంలో డబ్బు తీసి ఉంటే పదేళ్ల లెక్క అక్కడినుంచి మొదలవుతుంది.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది కాబట్టి, పోర్టల్‌లో ఆ బ్యాంకును ఎంచుకుని మరోసారి వెతకండి. పాత ఖాతాలకు పాన్ జతచేసి ఉండకపోవచ్చు. పుట్టిన తేదీతోనూ, ఏ గుర్తింపు వివరమూ పనిచేయకపోతే చిరునామాతోనూ ప్రయత్నించండి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా, ‘రావు’ కొన్నిసార్లు విడిగా, కొన్నిసార్లు కలిపి నమోదై ఉంటాయి కనుక అన్ని రూపాల్లోనూ చూడాలి.

అసలు ఆధారం మాత్రం ఆ లక్ష రూపాయల ఎంట్రీయే. దాని నకలును, మరణ ధ్రువపత్రాన్ని జతచేసి, ఆ కస్టమర్ ఐడీ కింద ఉన్న పొదుపు ఖాతాలు, డిపాజిట్లు, లాకరు, నామినీ వివరాలన్నీ తెలుపమని శాఖకు లిఖితపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నాన్నగారికి పాన్ ఉంటే, ఆదాయపు పన్ను పోర్టల్‌లో చట్టబద్ధ వారసులుగా నమోదై ఫారం 26ఏఎస్ చూడండి. వడ్డీపై పన్ను కోసిన ప్రతి బ్యాంకు పేరూ అందులో ఉంటుంది. మీకు తెలియని బ్యాంకు అక్కడే బయటపడవచ్చు.

సొమ్ము నిధికి వెళ్లినా, దరఖాస్తు బ్యాంకుకే ఇవ్వాలి. నామినీ ఉంటే బ్యాంకు వారికి చెల్లిస్తుంది, కానీ వారు వారసులందరి తరఫున అందుకునేవారే తప్ప ఆ సొమ్ముకు యజమానులు కారు. నామినీ లేకపోయినా, వారసుల మధ్య తగాదా లేకుంటే చిన్న మొత్తాలను బ్యాంకులు హామీపత్రం తీసుకుని చెల్లిస్తాయి. అది కుదరక వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టుకు వెళ్లవలసివస్తే, డిపాజిట్లన్నీ తేలేవరకు ఆగండి. పిటిషన్‌లో ఒక్కో డిపాజిట్‌నూ పేర్కొనాలి, ఫీజు మొత్తాన్ని బట్టి ఉంటుంది. తరువాత మరొకటి బయటపడితే ధ్రువపత్రాన్ని దానికీ వర్తింపజేయమని మళ్లీ కోర్టునే అడగాలి.